జనవరి 20 మధ్యాహ్నం గీసిన గీత

ఉద్యోగ నియామకాలు ఆపేస్తున్నామని చెప్పగానే మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న: 'మరి ఆఫర్ ఇచ్చేసినవాళ్ల సంగతి?' 2025 జనవరి 20న అమెరికా ఫెడరల్ ప్రభుత్వం నియామకాలు నిలిపేసినప్పుడు దీనికి గడియారం చూసి జవాబిచ్చింది. ఆ మధ్యాహ్నానికి ఖాళీగా ఉన్న సివిల్ పోస్టు నింపకూడదు, కొత్తది సృష్టించకూడదు అంది. అంతకుముందే ఆఫర్‌పై సంతకం చేసి, ఫిబ్రవరి 8లోపు చేరే తేదీ ఉన్నవాళ్లు చేరవచ్చంది. జనవరి 17న సంతకం చేసినా, చేరే తేదీ ఖరారుకాని గుమస్తాకు ఈ హామీ వర్తించలేదు. మేనేజర్ వెతకాల్సి వచ్చింది ఆ తేదీ కోసమే.

ఆగిన పనిని కాంట్రాక్టుకిచ్చి దొడ్డిదారి పట్టకూడదనీ ఆదేశంలోనే రాశారు. అది రాయకపోతే ఆదా మొత్తం అటే పోతుంది.

సైన్యం, వలస చట్టాల అమలు, దేశభద్రత, ప్రజాభద్రత మొదటే మినహాయింపు పొందాయి. మిగతా అత్యవసరాలకు సిబ్బంది వ్యవహారాల కార్యాలయ డైరెక్టర్ అనుమతి ఇవ్వగలిగేవారు.

గడువు దగ్గరే నాకు అభ్యంతరం. 90 రోజుల్లో సిబ్బంది తగ్గింపు ప్రణాళిక వస్తే నిషేధం ముగుస్తుందన్నారు. ఏప్రిల్‌లో దాన్ని జులై 15 దాకా పొడిగించారు. 90 రోజులకని పనులు సర్దుకున్న మేనేజర్ మళ్లీ మొదటికొచ్చాడు.