గుండు చేయిస్తే బయటపడే గీత

తిరుమల కల్యాణకట్టలో తల వంచి కూర్చున్నాక గానీ చాలామందికి తమ తల మీది మచ్చల లెక్క తేలదు. చిన్నప్పుడు అరుగు మీంచి పడ్డప్పుడు వేసిన కుట్ల గుర్తు అన్నాళ్లూ జుట్టు చాటున ఉండి, గుండు చేయగానే తెల్లగా మెరుస్తుంది. మళ్లీ జుట్టు పెరిగినా ఆ గీత మీద మాత్రం ఒక్క వెంట్రుకా మొలవదు. ఎందుకని?

వెంట్రుక కుదుళ్లు అమ్మ కడుపులో ఉండగానే ఏర్పడతాయి. తల చర్మంలో ఒక్కో కుదురు దాదాపు 4 మిల్లీమీటర్ల లోతున పాతుకుని ఉంటుంది. పైపైన గీరుకుపోతే వెంట్రుక తిరిగొస్తుంది. కుదురుతో సహా తెగినా కాలినా ఆ చోటును శరీరం కొలాజెన్ పోగులతో పూడుస్తుందే తప్ప కొత్త కుదురు పెట్టదు. కుదురే లేనిచోట నూనెలూ మినాక్సిడిల్ చేయగలిగింది ఏమీ లేదు.

అయితే కుట్ల పక్కన రాలిన జుట్టంతా పోయినట్టు కాదు. బిగుతుకు బెదిరి రాలిన వెంట్రుకలు కొన్ని నెలల్లో తిరిగి వస్తాయి. మచ్చ అసలు వెడల్పు అప్పుడుగానీ తెలియదు కాబట్టే, ఏ చికిత్సకైనా ఏడాది దాకా ఆగమంటారు.

పుర్రె అతుకులు ముందే మూసుకుపోయిన పసిపిల్లలకు ఆపరేషన్ చేసేటప్పుడు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కోతను చాలామంది సర్జన్లు రంపపు పళ్లలా వంకరటింకరగా పెడతారు. నేరుగా కోస్తే, పెద్దయ్యాక ఈతకొట్టి లేచిన ప్రతిసారీ తడిసిన జుట్టు ఆ గీత వెంట పాపిట తీసినట్టు విడిపోతుంది. వంకర కోతైతే పై మలుపులోని జుట్టు కింది మలుపు మీద పడి కప్పేస్తుంది. కుట్టేటప్పుడు ఇంకో కిటుకుంది. గాయం అంచుల్లో ఒకదాన్ని సన్నగా, ఏటవాలుగా చెక్కి రెండో అంచును దాని మీదికి లాగి కుడతారు. కింద చిక్కిన కుదుళ్ల నుంచి జుట్టు మచ్చను చీల్చుకుని పైకొస్తుంది.

జుట్టు నాటడం బట్టతల కోసం పుట్టిన విద్య అనుకుంటాం. జపాన్‌లో షోజీ ఒకుదా 1939లో ప్రచురించిన పద్ధతి కాలిన గాయాలు, మచ్చల వల్ల జుట్టు పోయినవాళ్ల కోసం. యుద్ధం ముంచుకొచ్చి అది బయటి ప్రపంచానికి చేరలేదు. న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ బట్టతలకు ఇదే దారిని చూపింది 1959లో.

మచ్చలో నాటడం చవిటి నేలలో నారు వేయడం లాంటిదే. పది సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న ఆపరేషన్ మచ్చ అనుకుందాం. మామూలు తలలో చదరపు సెంటీమీటరుకు 70, 80 కుదుళ్ల గుత్తులుంటాయి. మచ్చలో రక్తం తక్కువ కాబట్టి అన్ని బతకవు. పాతిక చొప్పున నాటినా మొత్తం 250 గ్రాఫ్టులు, తల వెనక భాగం నుంచి తీసినవి. జాగ్రత్తపరుడైన డాక్టరు అవి కూడా ఒకేసారి పెట్టడు. ముందు ఓ ముప్ఫై నాటి ఆరు నుంచి తొమ్మిది నెలలు చూస్తాడు. సూదితో గంటు పెట్టినప్పుడు రక్తం చక్కగా ఊరితే మంచి సూచన. పాలిపోయి పొడిగా ఉంటే అనుమానించాలి. మచ్చ ఎముకకు అంటుకుని కాగితంలా పలచబడితే 4 మిల్లీమీటర్ల వేరు దిగడానికి చోటే ఉండదు. అలాంటప్పుడు ముందు పొట్ట నుంచి తీసిన కొవ్వును కిందికి ఎక్కించి మందం తెచ్చేవాళ్లూ ఉన్నారు. నాటిన వెంట్రుకలు మొదటి నెలలోనే రాలిపోతాయి. కంగారుపడే ఘట్టం ఇదే. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలకెత్తుతాయి, ఫలితం తేలడానికి ఏడాది పైనే.

అరచేయంత కాలిన మచ్చకు నాటడం చాలదు. పక్కనున్న జుట్టు చర్మం కింద సిలికాన్ బుడగ పెట్టి, వారం వారం సూదితో సెలైన్ ఎక్కిస్తారు. రెండు మూడు నెలల్లో చర్మం సాగుతుంది. బుడగ తీసి, మచ్చ కోసేసి, ఆ చర్మాన్ని పరుస్తారు. కుదుళ్లు కొత్తగా పుట్టవు, ఉన్నవే ఎడంగా సర్దుకుంటాయి. ఆ నెలలన్నీ తల మీద బొప్పితో తిరగాలి, అదే కష్టం.

కోతలు వద్దనుకునేవాళ్లు కొనే కెరాటిన్ పొడి పట్టుకోవడానికి వెంట్రుకలు కావాలి. నున్నటి మచ్చ మీద చల్లితే రాలిపోతుంది. అక్కడ రంగు పొడి అద్దడమే మేలు. చుక్కల పచ్చబొట్టు ఇంకో మార్గం: కత్తిరించిన జుట్టు మొదళ్లలా చిన్న చుక్కలు పొడుస్తారు. మచ్చలో రంగు పాకిపోతుంది కనుక రెండు మూడు విడతలుగా, పైపైనే పొడవాలి. లోతుకు దిగితే నీలంగా మారుతుంది.

మరి నాటించుకున్న జుట్టును వచ్చే మొక్కుకు తిరుమలలో ఇచ్చేయవచ్చా? ఫలితం పూర్తిగా వచ్చాక నిశ్చింతగా. కత్తికి తెగేది పైన ఉన్నదే, కుదురు లోపలే ఉంటుంది.