ఇరవై మూడో నిమిషంలో ఆగిపోయే ఆట

విజయవాడలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ల్యాప్‌టాప్ మే నెలంతా ఒకే తంతు నడిపింది. రాత్రి భోజనాలయ్యాక ఆట మొదలవుతుంది. మొదటి పది నిమిషాలు బొమ్మ నున్నగా సాగుతుంది. తర్వాత ఆగి ఆగి కదులుతుంది, ఫ్యాన్ మోత పక్క గదికి వినిపిస్తుంది. ఇరవై నిమిషాలు దాటాక తెర ఉన్నట్టుండి నల్లబడి, మెషీన్ మొత్తం ఆగిపోతుంది. నీలి తెర రాదు, తప్పెక్కడుందో చెప్పే సందేశమూ రాదు. అతను ఆట తీసేసి మళ్లీ ఎక్కించాడు. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాడు. చివరికి విండోస్ కూడా కొత్తగా వేయించాడు. ఫలితం లేదు.

రిపేరు షాపాయన ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకోకుండానే ఒక మాటన్నాడు. “విప్పడానికి ఎంతసేపు తమ్ముడూ! ముందు అది ఎంత వేడెక్కుతోందో లెక్క తీసుకురా. తప్పు వేడిది కాకపోతే విప్పిన కష్టం వృథా, నీ డబ్బులూ వృథా.”

ఆ మాటలో చాలా విషయం ఉంది. వేడెక్కిన కంప్యూటర్ సాధారణంగా ముందు నెమ్మదిస్తుంది, ఆగిపోవడం ఆ తర్వాతి మాట. ప్రాసెసర్ చిప్ లోపలే ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు ఉంటాయి. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి పై హద్దు 100 డిగ్రీల సెల్సియస్. అక్కడికి చేరగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే కరెంటు తక్కువ తీసుకుంటుంది, వేడి అదుపులోకి వస్తుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఆడేవాడికి అది ఫ్రేములు పడిపోవడంగా కనిపిస్తుంది. ఇది జబ్బు కాదు, చిప్ తనను తాను కాపాడుకునే పద్ధతి. అలా తగ్గినా వేడి చాలకుండా పెరుగుతూ పోయినప్పుడు, లేదా చిప్ పక్కనున్న విద్యుత్ సరఫరా భాగాలో గ్రాఫిక్స్ మెమరీయో ఓర్చుకోలేని స్థితికి వచ్చినప్పుడు ఆట కూలుతుంది, లేదా మెషీన్ కరెంటు తెంపేసుకుంటుంది. కాబట్టి నెమ్మదించడం, ఆ తర్వాత ఆగిపోవడం అనే వరుస కనిపిస్తే వేడిని అనుమానించడం సబబే. కానీ అనుమానం వేరు, రుజువు వేరు.

విండోస్‌లోని Event Viewer చూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ విద్యార్థి కూడా చూశాడు. ప్రతి రాత్రీ Kernel-Power, 41 అనే నమోదు ఉంది. దాని అర్థం ఒక్కటే: మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగి, మళ్లీ మొదలైంది. కరెంటు పోయినా, పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా అదే నమోదవుతుంది. అదే Kernel-Power పేరుతో 86 కనిపిస్తే మాత్రం వేడి హద్దు దాటడం వల్ల విండోసే ఆపేసిందని నేరుగా తెలుస్తుంది. అయితే విండోస్‌కు చెప్పకుండా మెషీనే కరెంటు తెంపుకున్నప్పుడు 86 రాసే వ్యవధి ఉండదు. అది లేదు కాబట్టి వేడి కారణం కాదనుకోవడం పొరపాటు.

రుజువు కావాలంటే ఆట నడుస్తున్నంతసేపూ ఉష్ణోగ్రతను రాసిపెట్టుకోవాలి. దీనికి HWiNFO64 అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. తెరిచేటప్పుడు Sensors-only ఎంచుకుంటే నేరుగా కొలతల పట్టిక వస్తుంది. కింద ఉన్న లాగింగ్ బటన్ నొక్కి ఫైల్ పేరు ఇస్తే, మామూలు సెట్టింగ్‌లో రెండు సెకన్లకొక వరుస చొప్పున CSV ఫైల్‌లో చేరుతుంది. ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. అందులో వందల గడులుంటాయి, అన్నీ చూడక్కర్లేదు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ప్రాసెసర్ వేగం, Core Thermal Throttling అన్న గడిలో Yes ఉందా No ఉందా, గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రత. ఈ నాలుగూ చాలు.

ఆ రాత్రి లాగ్ ఇలా ఉంది. అయిదో నిమిషంలో ప్రాసెసర్ 88 డిగ్రీలు, వేగం 4 గిగాహెర్ట్జ్. పన్నెండో నిమిషంలో 99 డిగ్రీలు, మొదటిసారి Yes. అక్కడినుంచి ఉష్ణోగ్రత 99 దగ్గరే నిలబడింది, వేగం మాత్రం 2.6కి, తర్వాత 1.8కి దిగింది. అసలు సంగతి చెప్పేది ఈ జంటే. ఉష్ణోగ్రత హద్దుకు అతుక్కుని ఉండగా వేగం జారిపోతోందంటే, చిప్ ఎంత తగ్గినా వేడి బయటికి పోవడం లేదన్నమాట. ఇరవై మూడో నిమిషంలో లాగ్ తెగిపోయింది. చివరి వరుసలో వేగం 1.4 గిగాహెర్ట్జ్, గ్రాఫిక్స్ చిప్ 87 డిగ్రీలు. మెషీన్ హఠాత్తుగా ఆగితే చివరి కొన్ని సెకన్లు ఫైల్‌లోకి ఎక్కకపోవచ్చు. అందుకే ఒక్క చివరి అంకెనే పట్టుకోకుండా అంతకుముందు పది నిమిషాల నడక చూడాలి.

ఒక్క అంకె ఎంత మోసం చేస్తుందో డెస్క్‌టాప్‌లలో తెలుస్తుంది. రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటిని గట్టి పని పడ్డప్పుడు 95 డిగ్రీల దాకా వెళ్లేలా ఏఎండీయే తయారుచేసింది. అక్కడ 95 చూసి కంగారు పడనక్కర్లేదు.

లాగ్ చూశాక కూడా షాపాయన స్క్రూడ్రైవర్ తీయలేదు. మరో పరీక్ష చెప్పాడు. అప్పటిదాకా ల్యాప్‌టాప్ పరుపు మీద ఉండేది, గాలి లాగే రంధ్రాలు దుప్పటికి మూసుకుపోయేవి. ఇప్పుడు బల్ల మీద పెట్టి, వెనక అంచు కింద రెండు పుస్తకాలు ఉంచి, ఆటను సెకనుకు 60 ఫ్రేములకు పరిమితం చేసి ఆడమన్నాడు. ఆట అదే, డ్రైవర్ అదే, గది అదే. ప్రాసెసర్ 93 దగ్గర నిలిచింది, రెండు గంటలపాటు ఆట ఆగలేదు. వేడి తగ్గించగానే రోగం పోయింది కాబట్టి కారణం వేడేనని తేలిపోయింది.

అప్పుడు విప్పారు. ఫ్యాన్‌కూ, దాని ముందున్న సన్నటి లోహపు రేకుల వరసకూ మధ్య బూడిదరంగు దుమ్ము దూదిపొరలా గడ్డకట్టి ఉంది. చిమటాతో పట్టి లాగితే చీలకుండా ఒక్క ముక్కగా వచ్చింది. ఫ్యాన్ శక్తికొద్దీ తిరుగుతున్నా గాలి ఆ పొర దాటలేకపోయిందన్నమాట. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని మిగిలిన దుమ్ము ఊది, చిప్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాశారు. ఆ రాత్రి ఫ్రేముల పరిమితి తీసేసి ఆడినా ప్రాసెసర్ 89 దాటలేదు, గడి నిండా No.

మే నెలలోనే ఈ బాధ ఎందుకు ముదిరింది? ల్యాప్‌టాప్ చల్లబడేది గది గాలితోనే. గది 26 నుంచి 38కి చేరితే లోపలి చిప్ కూడా దాదాపు అంతే మేర, ఓ పన్నెండు డిగ్రీలు పైకి జరుగుతుంది. జనవరిలో 87 దగ్గర ఆడిన మెషీన్ మేలో 99కి రావడానికి కొత్త రోగమేమీ అక్కర్లేదు.

లాగ్ వేడిని నిర్దోషిగా కూడా తేల్చగలదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటితో ఆటలు పదేపదే కూలిపోయాయి. వీడియో మెమరీ చాలలేదన్న సందేశం వచ్చిందని గ్రాఫిక్స్ కార్డును అనుమానించినవారున్నారు. చివరికి ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజీ అందడమే కారణమని 2024లో ఇంటెల్ ప్రకటించి, దిద్దుబాటు మైక్రోకోడ్ విడుదల చేసి, వారంటీ రెండేళ్లు పెంచింది. అలాంటి మెషీన్‌కు ఎన్నిసార్లు పేస్ట్ మార్చినా లాభం లేదు.

కాబట్టి మీ ల్యాప్‌టాప్ ఆట మధ్యలో ఆగుతుంటే ఒక రాత్రి లాగ్ తీయండి. ఉష్ణోగ్రత డెబ్బైలలో నిలకడగా ఉండి, వేగం తగ్గకుండానే ఆట కూలితే ల్యాప్‌టాప్ విప్పకండి, విండోస్‌లోనే ఉన్న Windows Memory Diagnostic నడిపి ర్యామ్ పరీక్షించండి. హద్దు దగ్గర అతుక్కుని వేగం జారుతుంటే ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకు వెళ్లండి.