నాన్నకు రాసిన రెండో ఉత్తరం

మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి ఒక ఆదివారం పొద్దున నాలుగు కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఆంటీ, ఇది నాన్నకి పంపాలి. పంపొచ్చో లేదో మీరు చదివి చెప్పండి" అంది. నేను బ్యాంకులో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి డబ్బు సంగతులకు ఈ అపార్ట్‌మెంటులో చాలామంది నా దగ్గరికే వస్తారు. కానీ కూతురు తండ్రికి రాసిన ఉత్తరం చదివి పెట్టమని అడగడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి ఒప్పుకుంది కనుక, పేర్లు చెప్పకుండా, ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

వాళ్ల నాన్న తెనాలిలో ఉంటారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు అరవై మూడేళ్లు. ఇల్లు సొంతం. ఎప్పటికైనా మేడ వేయాలని శ్లాబు మీద ఇనుప చువ్వలు వదిలేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడా మేడ వేసి అద్దెకిద్దామన్నది ఆయన ఆలోచన. మొత్తం రూ.12 లక్షలవుతుందని మేస్త్రీ చెప్పాడు. తన దగ్గరున్న రూ.4 లక్షలు పెడతారు. మిగతా రూ.8 లక్షలు కూతురు అప్పుగా ఇస్తే, వచ్చే అద్దె రూ.5,000 నెలనెలా తనకే పంపి తీర్చేస్తానన్నారు. "నోటు కూడా రాసిస్తాను తల్లీ" అన్నారట.

ఫోనులో ఈ అమ్మాయి "చూద్దాం నాన్నా" అంది. తన లెక్కలో అది "కాదు" అనలేక అన్న మాట. ఆయన లెక్కలో అది సగం ఒప్పుకున్నట్టే. వారం తిరిగేసరికి మేస్త్రీకి రూ.20 వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో ప్లాను గీసి ఫోటో తీసి పంపారు. అందులో తూర్పు వైపు చిన్న గదిలో "అమ్మాయి వస్తే" అని రాసుంది. ఆ ఫోటో చూశాకే తను ఈ నాలుగు పేజీలు రాసింది.

చదివాను. ప్రేమకు లోటు లేదు, కానీ అది పంపాల్సిన ఉత్తరం కాదనిపించింది. అందులో కారణాలు మరీ ఎక్కువగా ఉన్నాయి. ఎఫ్‌డీ వచ్చే మార్చి దాకా తీయడానికి లేదని ఒకటి. నాన్న ఏమంటారు? "అయితే ఏప్రిల్లో మొదలెడదాం" అంటారు. ఇసుక ధర ఎక్కువగా ఉందని ఇంకొకటి. "తగ్గాకే వేద్దాం" అంటారు. మూడోది అన్నిటికంటే ప్రమాదం: మా ఆయన ఒప్పుకోవడం లేదు అని. అది నిజం కూడా కాదు. అల్లుడితో ఈ మాటే రాలేదు. ఆ ఒక్క వాక్యం అల్లుడి మీద పెట్టుకునే నిష్ఠూరంగా మారి ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఉండిపోయేది. మనం చెప్పే కారణానికి అవతలివాళ్ల దగ్గర పరిష్కారం ఉందంటే అది కాదన్నట్టు కాదు, వాయిదా వేసినట్టు.

"అసలు కారణం ఏమిటమ్మా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా దగ్గర అంత డబ్బు లేదాంటీ. ఉన్నట్టు కనిపిస్తుందంతే" అంది.

ఇద్దరం కూర్చుని లెక్క రాశాం. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, తన పొదుపు పది లక్షలు దాటిందని నాన్నకు సంబరంగా చెప్పింది. ఆ మాట నిజమే, మొత్తం రూ.10,60,000. అందులో పీఎఫ్ రూ.4,20,000. ప్రైవేటు ఉద్యోగం, రేపు చెప్పుకోదగ్గ పెన్షనేమీ ఉండదు. రూల్స్ ఒప్పుకున్న మేరకు అందులోంచి తీసినా, అంత మొత్తం మళ్లీ ఒకేసారి జమ చేయడం కుదరదు. పీపీఎఫ్‌లో రూ.2,40,000. అది పదిహేనేళ్ల ఖాతా, తెరిచి నాలుగేళ్లే అయింది. ప్రారంభించిన ఆర్థిక సంవత్సరం పోగా ఐదేళ్లు నిండితే గానీ కొంతైనా తీసుకోనివ్వరు. సేవింగ్స్‌లో ఉన్న రూ.లక్ష జూన్‌లో పాప స్కూలుకి. మిగిలింది రూ.3 లక్షల ఎఫ్‌డీ. ఇద్దరి ఉద్యోగాల్లో ఒకటి పోతే ఆరు నెలలు ఇల్లు నడవడానికి దాచింది. అంటే పది లక్షల్లో ఈ రోజు బ్యాంకుకెళ్లి తేగలిగేది, పాప ఫీజు పోను, మూడు లక్షలే. నాన్న అడిగింది ఎనిమిది. ఆ తేడాకి పర్సనల్ లోను తీసుకోవాలి.

తర్వాత నాన్న వైపు లెక్క కూడా వేశాం. ఎనిమిది లక్షలు నెలకు ఐదు వేల చొప్పున తీరడానికి వడ్డీ లేకుండానే 160 నెలలు పడుతుంది, అంటే పదమూడేళ్ల నాలుగు నెలలు. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరు దాటుతుంది. అన్నేళ్లూ అద్దె కూతురికే పోతే మేడ వల్ల ఆయన చేతికి ఒక్క రూపాయి రాదు. పైగా పన్నెండు లక్షలు పెడితే ఏడాదికి వచ్చేది రూ.60 వేలు, ఐదు శాతం. ఇల్లు ఒకటి రెండు నెలలు ఖాళీగా ఉన్నా, మోటారు కాలినా అది ఇంకా తగ్గుతుంది. ఇరవై ఏళ్లు ఎండకీ వానకీ ఉన్న ఆ చువ్వల తుప్పు సంగతి ఇంజనీరు చూసి చెప్పాలి, మేస్త్రీ మాట చాలదు.

ఇక నోటు. ప్రాంసరీ నోటుకి గడువు మూడేళ్లు. ఆలోగా కొంత చెల్లించినట్టో, బాకీ ఉన్నట్టో రాతపూర్వకంగా సంతకం పడితేనే గడువు మళ్లీ మొదలవుతుంది. పదమూడేళ్ల అప్పుకి ఎన్నిసార్లు తిరగరాయించాలో చూడండి. అయినా ఏ కూతురు నాన్న మీద దావా వేస్తుంది? ఆ కాగితం ఆయన మాట నిలబెట్టుకుంటారని చెప్పడానికే తప్ప డబ్బుకి భరోసా కాదు.

ఆయన అప్పు అనే ఎందుకన్నారో నాకు అక్కడ అర్థమైంది. ఆర్టీసీలో చేసినా ఆయనకొచ్చేది పీఎఫ్ వాళ్లిచ్చే కొద్దిపాటి పెన్షనే. నిజానికి ఆయనకు కావలసింది మేడ కాదు, నెలకు ఇంకో ఐదు వేలు. "నెలకింత పంపు తల్లీ" అని కూతుర్ని అడగలేరు. ఎనిమిది లక్షలు అప్పిమ్మని మాత్రం అడగగలరు. అప్పు అంటే తిరిగిచ్చేదే కదా, అందులో తల దించుకోవలసింది లేదు. మన ఇళ్లలో తండ్రులు కూతుళ్లను పెద్ద మొత్తాలు అడిగే చోట చాలాసార్లు ఇదే ఉంటుందని నా నమ్మకం. తల్లిదండ్రులను పోషించే బాధ్యత పెళ్లైన కూతురికీ ఉందని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ చట్టంలో ఉన్నది నోటితో అడగాలంటే ఆ తరానికి ప్రాణం పోయినట్టుంటుంది.

అందుకని రెండో ఉత్తరం ఆ ఐదు వేల దగ్గర మొదలుపెట్టమన్నాను. తను రాసింది ఇది. ఒకటి రెండు సొంత విషయాలు తప్ప దాదాపు అంతా ఇస్తున్నాను.

"నాన్నా,

ఫోనులో 'చూద్దాం' అన్నాను. అది తప్పు. ఆ రోజే చెప్పాల్సింది. ఎనిమిది లక్షలు నేను ఇవ్వలేను. ఇప్పుడే కాదు, వచ్చే ఏడాదీ ఇవ్వలేను. నా మాట మీద నువ్వు మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చావు. అందులో ఏమైనా పోతే అది నేను పెట్టుకుంటాను.

సంక్రాంతికి పది లక్షలు దాటాయని చెప్పాను కదా. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో వెనక పేజీలో రాశాను, చూడు. నీ దగ్గర నాకు దాపరికం లేదు. అందులో ఆరున్నర లక్షలు నేను ముసలిదాన్నయ్యాక నాకు పెన్షను. నీ పెన్షనుతో నువ్వెలా నెట్టుకొస్తున్నావో చూస్తున్నాను కాబట్టే దాన్ని ముట్టుకోవడానికి భయం. మూడు లక్షలు మా ఇద్దరిలో ఎవరి ఉద్యోగం పోయినా ఇల్లు గడవడానికి. ఇది ఆయన చెబితే రాస్తున్నది కాదు, నా డబ్బు, నా నిర్ణయం.

నువ్వు వేసిన ప్లాను దాచుకున్నాను. నాకు గది పెట్టావు. నేనొస్తే కింద హాల్లో నీ పక్కన చాప మీద పడుకుంటాను నాన్నా, ఎప్పుడూ అక్కడే కదా పడుకున్నది.

నీ నాలుగు లక్షలు సేవింగ్స్‌లో ఉన్నాయి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకంలో వేస్తే మూడు నెలలకోసారి రూ.8,200 వస్తుందని ఎదురింటి ఆంటీ లెక్కకట్టారు. నేను ప్రతి నెలా ఐదో తారీఖున రెండున్నర వేలు వేస్తాను. అది అప్పు కాదు, తిరిగివ్వద్దు. రెండూ కలిపితే నెలకు ఐదు వేలు దాటుతుంది. మేడ అద్దె అంతే కదా నాన్నా.

నువ్వు కండక్టరు బ్యాగు భుజాన వేసుకుని తిరిగి నన్ను చదివించావు. దాని బదులు ఇది అనుకోకు. దానికి బదులు లేదు.

కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు."

ఆ పథకం గురించి పాఠకులకు కొంచెం చెప్పాలి. అరవై నిండినవాళ్లు ఎవరైనా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరవచ్చు. గడువు ఐదేళ్లు. వడ్డీని 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెంచారు, మా లెక్క దాని మీదే కట్టాం. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి వెళ్లిన రోజు ఎంతుందో అడగాలి. వేసిన రోజున్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. అయితే ఏడాదిలోపు మూసేస్తే వడ్డీ ఇవ్వరు, ఇచ్చింది ఉంటే అసలులోంచి పట్టుకుంటారు. అందుకే చేతిలో ఉన్నదంతా అందులో వేయకూడదు. ఈయనకు నాలుగు లక్షలు కాక ఇంకో యాభై వేలున్నాయి. వాటిని మందులకీ ఆస్పత్రికీ సేవింగ్స్‌లోనే ఉంచమన్నాను.

ఉత్తరం వాట్సాప్‌లో పంపుతానంటే వద్దన్నాను. వాట్సాప్‌లో నీలం గీతలు పడగానే జవాబు కోసం ఇద్దరూ నలిగిపోతారు. పోస్టులో వేసింది. తొమ్మిది రోజులు ఆయన ఫోన్ చేయలేదు. అమ్మకు చేస్తే "నాన్న మేడ మీదున్నాడు" అనేదట. ఆ తొమ్మిది రోజులూ ఆ పిల్ల లిఫ్టులో నాకు కనబడితే ముఖం చూడలేకపోయాను. సలహా ఇచ్చింది నేనే కదా.

పదో రోజు రాత్రి ఫోన్ వచ్చింది. ఉత్తరం ఊసెత్తలేదు. "ఆ పోస్టాఫీసుకి ఏం కాగితాలు పట్టుకెళ్లాలో మీ ఆంటీని అడుగు" అన్నారట. ఆధార్, పాన్, రెండు ఫోటోలు, చెక్కు అని చెప్పాను. నామినీగా భార్య పేరు రాయడం మరిచిపోవద్దన్నాను. ఐదో తారీఖున మొదటి రెండున్నర వేలు వేసింది. వాటిని ఆయన ఇంకా తీయలేదు, పాప పుట్టినరోజుకి తిరిగి పంపుతాడేమోనని ఈ అమ్మాయి అనుమానం.

మేస్త్రీ అడ్వాన్సు వెనక్కి రాలేదు. దానికింద పిట్టగోడ బాగుచేసి, శ్లాబు కారుతున్నచోట పూత వేస్తానన్నాడట. చువ్వల్ని మాత్రం కోయనివ్వలేదు నాన్న.