తీగ గోడ మీదుంటే ఒక పని, అక్షరం మీదుంటే ఇంకో పని

ఒక టిఫిన్ సెంటర్ యజమాని ఫ్లెక్స్ డిజైనర్‌కు వాట్సాప్‌లో ఫొటో పంపాడనుకుందాం. పదడుగుల పాత బోర్డు, దాని వెనక సున్నం గోడ, రెంటి మీదుగా ఏటవాలుగా ఒక కరెంటు తీగ. "అన్నా, ఆ తీగ తీసేసి, ఫోన్ నంబరు చివర 3ని 8 చేసి, ఇదే సైజులో మళ్లీ ప్రింట్ కొట్టు" అంటాడు. వినడానికి పది నిమిషాల పనే.

గోడ మీదున్న తీగ నిజంగానే అంత సులువుగా పోతుంది. ఫొటోషాప్‌లో క్లోన్ స్టాంప్ చేసేదల్లా పక్కనున్న పిక్సెళ్లను తెచ్చి ఇక్కడ అద్దడమే. తీగ కింద సున్నం ఎలా ఉండేదో చూసినవాడెవడూ లేడు కాబట్టి, సున్నంలా కనిపించేది ఏది పెట్టినా సరిపోతుంది. ఆకాశం, గడ్డి, చర్మం కూడా ఇలాంటివే.

అదే తీగ అక్షరం మీదికి వచ్చేసరికి కథ మారుతుంది. 'ఇ' వంపు ఎలా తిరగాలో చదువొచ్చిన ప్రతివాడికీ తెలుసు. పక్క నుంచి తెచ్చిన ముక్క వంపు వేరు, మందం వేరు. అతికిన చోట చిన్న బుడిపె లేచినా కన్ను అక్కడే ఆగుతుంది. అందుకే అక్షరం, అంకె, గీత, వృత్తం లాంటి వాటిని పిక్సెళ్లతో పూడ్చడం కంటే కొత్తగా గీయడమే మేలంటాను. అతుకు వేసి, దాని మీద ఇంకో అతుకు వేసేవాళ్లకు చివరికి పట్టే సమయం కూడా ఎక్కువే.

3ను 8 చేసే పనీ అంతే. నంబరులో వేరేచోట 8 ఉంటే కాపీ చేసి పెట్టొచ్చు, కానీ ఫొటో పక్క నుంచి తీసింది కావడంతో ఒక్కో అంకె ఒక్కో ఎత్తులో, ఒక్కో వాలులో ఉంటుంది.

ఇక సైజు. ఆ ఫొటోలో బోర్డు వెడల్పు 1500 పిక్సెళ్లు ఉందనుకుందాం. పదడుగులంటే 120 అంగుళాలు, అంటే అంగుళానికి పన్నెండున్నర పిక్సెళ్లు. ఫ్లెక్స్ మీద ఒక్కో పిక్సెల్ రెండు మిల్లీమీటర్ల చదరమవుతుంది. రోడ్డు అవతలి నుంచి అది తెలియకపోవచ్చు, కౌంటర్ దగ్గర నిలబడ్డవాడికి తెలుస్తుంది. దానికి తోడు జేపెగ్ ఫైలు సాధారణంగా వెలుగునీడలను దాచినంత వివరంగా రంగులను దాచదు, సగం వివరంతో సరిపెడుతుంది. పసుపు మీద ఎరుపు అక్షరాలు మన బోర్డులకు అలవాటే కదా! ఆ రెండూ కలిసే అంచున ఎరుపు రెండు మూడు పిక్సెళ్ల మేర పసుపులోకి పాకుతుంది. అచ్చులో అది అర సెంటీమీటరు మరక.

ఇంకా అతకవచ్చా, మళ్లీ గీయాలా అని తేల్చుకోవడానికి అక్షరాన్ని పెద్దది చేసి చూడాలి. అంచు మసక రెండు పిక్సెళ్లుంటే, గీత మందం ఇరవై ఉంటే పరవాలేదు, ఆకారం బతికే ఉంది. గీత మందమే మూడు నాలుగు పిక్సెళ్లయితే మసక తప్ప ఏమీ మిగల్లేదన్నమాట. బోర్డు కింద అంగుళంన్నర ఎత్తున్న చిన్న లైను ఫొటోలో పంతొమ్మిది పిక్సెళ్లే. 'ధ'ను 'ద' నుంచి వేరుచేసే ఆ కింది చిన్న గీత అందులో ఎప్పుడో కలిసిపోయింది. షార్ప్‌నెస్ ఎంత పెంచినా పోయిన గీత తిరిగి రాదు. మాట తెలిసిన మనిషి టైపు చేస్తే వస్తుంది.

కాబట్టి ముందు అడగాల్సింది పాత డిజైన్ ఫైలు. అది దొరక్కపోతే, అసలు ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమనాలి, అలా పంపితే కుదింపు ఉండదు. అదీ కుదరకపోతే కోరల్‌డ్రాలో ఫొటోను అడుగున పెట్టి, పైన కొత్తగా గీసుకోవాలి. ఫాంటు దొరికితే టైపు చేయడమే. చేతిరాత అయితే పెన్ టూల్‌తో వంపు వెంట వెళ్లాలి, వంపు తిరిగే చోట మాత్రమే పాయింటు పెడుతూ. ఆటో ట్రేస్ నొక్కితే మరకల అంచులను కూడా నమ్మకంగా గీసి, వందల పాయింట్లతో గతుకుల అక్షరం ఇస్తుంది. వృత్తానికి నాలుగు పాయింట్లు చాలు! ఇడ్లీ ప్లేటు బొమ్మ మాత్రం అతకడానికీ గీయడానికీ పనికిరాదు, కొత్త ఫొటో తీసుకోవాల్సిందే.

అదే యజమాని ఫ్లెక్స్ వద్దు, స్టేటస్‌లో పెట్టుకోవడానికి ఫొటో సరిచేస్తే చాలంటే లెక్క కొంచెం మారుతుంది. అప్పుడూ నంబరు మొత్తం చెరిపి కొత్తగా రాయడమే నయం, కానీ కొత్త అంకెలు మరీ పదునుగా ఉంటే అతికించినట్టు పట్టిస్తాయి. బోర్డు వాలుకు తగ్గట్టు వాటిని వంచి, చుట్టూ ఉన్న అక్షరాల అంచు ఎంత మసకగా ఉందో అంతే మసక పెట్టి, కాస్త గరుకు కలపాలి. అచ్చుకైతే ఇవేవీ అక్కర్లేదు. ప్రింట్‌కు పంపేముందు యజమాని తెరమీది నంబరు చూస్తూ ఒకసారి డయల్ చేసి, తన ఫోనే మోగుతోందా అని చూసుకుంటే చాలు.