సున్నాలకు బదులు ఒక్క అక్షరం

సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే చాలాసార్లు పోయింది కండెన్సరే. ఎలక్ట్రికల్ షాపుకెళ్ళి "రెండున్నర కండెన్సర్ ఒకటివ్వండి" అంటే చాలు, ఇచ్చేస్తారు. చేతికొచ్చిన ఆ ప్లాస్టిక్ డబ్బీ మీద 2.5 µF అని ఉంటుంది. అదే విలువని మామూలు అంకెల్లో రాస్తే 0.0000025 ఫారడ్లు. పక్క అరలో ఉండే 3.15 రకమైతే 0.00000315 ఫారడ్లు. ఇలా రాస్తే ఏది పెద్దదో చెప్పడానికి కూడా వేలు పెట్టి సున్నాలు లెక్కపెట్టుకోవాలి. షాపులో ఎవరికీ ఆ అవసరం రాదు, ఎందుకంటే సున్నాల పనంతా µ అనే ఒక్క అక్షరం చేసిపెడుతోంది. దాని పేరు మైక్రో, అంటే పది లక్షల్లో ఒక వంతు.

కిలో, మిల్లీ మనకి స్కూల్లోనే తెలుసు. 1795లో ఫ్రాన్సు మెట్రిక్ కొలతలు తెచ్చినప్పుడే అవీ వచ్చాయి. అప్పుడే వచ్చిన సెంటీ, డెసి, హెక్టోలని మాత్రం ఇంజనీర్లు దాదాపు పక్కన పెట్టేశారు. వాళ్ళ రాతలో మెట్లు వెయ్యేసి రెట్లు: కిలో, మెగా, గిగా పైకి, మిల్లీ, మైక్రో, నానో, పికో కిందికి. సంఖ్య ఎంతదైనా ప్రిఫిక్స్ ముందు మిగిలేది 1 నుంచి 999 లోపే ఉండాలి. ఉన్న నియమం ఇదొక్కటే. దీన్నే ఇంజనీరింగ్ పద్ధతి అంటారు.

మార్చడం ఎలాగంటే, దశాంశ బిందువు దగ్గర మొదలుపెట్టి అంకెల్ని మూడేసి చొప్పున గుంపులు కట్టాలి. 0.0000025ని 0.000 002 5 అని విడదీస్తే మొదటి గుంపు అంతా సున్నాలే. రెండో గుంపులో 2 తగిలింది. బిందువుకి కుడివైపు మొదటి గుంపు మిల్లీది, రెండోది మైక్రోది, మూడోది నానోది. మొదటగా సున్నా కాని అంకె ఏ గుంపులో కనిపిస్తే ఆ పేరే ఖాయం చేసుకుని, బిందువుని ఆ గుంపు చివరికి జరపాలి. కాబట్టి ఇది 2.5 మైక్రో. గుంపు సగంలో ఆగిపోతే సున్నాలతో నింపుకోవాలి. 0.47 ఆంపియర్లలో మొదటి గుంపు 47 దగ్గరే ఆగింది. పక్కన ఒక సున్నా చేరిస్తే 470 మిల్లీ ఆంపియర్లు. ఇక్కడ తొందరపడి 47 అని రాసేవాళ్ళు చాలామంది.

పెద్ద సంఖ్యల దగ్గర మనకి ఇంకో చిక్కుంది. ఇరవై రెండు లక్షల ఓమ్‌లని మనం 22,00,000 అని రాస్తాం. ఈ కామాలు మొదట మూడంకెలకి, తర్వాత రెండేసి అంకెలకి పడతాయి. ప్రిఫిక్సులేమో మూడేసి అంకెలకే మారతాయి. లక్షకి గానీ కోటికి గానీ అసలు ప్రిఫిక్సే లేదు. కామాలు తీసేసి 2 200 000 అని మళ్ళీ విడదీస్తేనే అది 2.2 మెగా ఓమ్ అని తెలుస్తుంది. పది లక్షలు ఒక మెగా, వంద కోట్లు ఒక గిగా అని గుర్తుంటే మిగతావి వాటంతటవే వస్తాయి.

సున్నాలు తగ్గించుకోవడానికే అయితే పదుల ఘాతాల్లో రాసినా సరిపోయేది. ఎలక్ట్రానిక్స్ బెంచి మీద పనిచేసేవాళ్ళు ప్రిఫిక్సుల్ని వదలకపోవడానికి కారణం వేరే ఉంది, లెక్కలు కూడా వాటితోనే చేసేయొచ్చు. 9 వోల్టుల బ్యాటరీకి 4.7 కిలో ఓమ్ రెసిస్టరు తగిలించారనుకోండి. 9ని 4,700తో భాగిస్తే 0.0019148… అని వస్తుంది. రేడియో మెకానిక్ అయితే అంత దూరం వెళ్ళడు. వోల్టుల్ని కిలో ఓమ్‌లతో భాగిస్తే వచ్చేవి మిల్లీ ఆంపియర్లని అతనికి నోటికొచ్చు. తొమ్మిదిని నాలుగు పాయింట్ ఏడుతో భాగిస్తే దాదాపు 1.9, అంటే 1.9 మిల్లీ ఆంపియర్లు. అలాగే కిలో ఓమ్‌ని నానోఫారడ్‌తో గుణిస్తే మైక్రో సెకన్లు. 4.7 కిలో ఓమ్ రెసిస్టరుకి 100 నానోఫారడ్ కండెన్సరు జత చేస్తే కాలస్థిరాంకం 470 మైక్రో సెకన్లు. మూడు మెట్లు పైకి వెళ్ళి తొమ్మిది కిందికి దిగితే ఆరు కింద తేలతాం, అంతే. సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో ENG అనే మీట ఉన్నది ఇందుకే. 0.00047 కొట్టి అది నొక్కితే 470×10⁻⁶ అని చూపిస్తుంది. ఘాతం ఎప్పుడూ మూడు గుణిజమే కాబట్టి పక్కన పేరు పెట్టుకోవడమే తరువాయి.

అక్షరాలతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. చిన్న m మిల్లీ, పెద్ద M మెగా. మధ్య తేడా వంద కోట్ల రెట్లు. 600 MW అంటే విద్యుత్ కేంద్రంలో ఒక యూనిట్, 600 mW అంటే చిన్న టార్చిలైటు. కిలోకి చిన్న k రాయాలి, పెద్ద K కెల్విన్‌ది. ఇంతా చెప్పాక షాపులో చూస్తే కొన్ని కండెన్సర్ల మీద MFD అని ఉంటుంది. అది మెగా కాదు, మిల్లీ కూడా కాదు, మైక్రోఫారడ్‌కి పాత రాత. వాల్వు రేడియోల కాలంనాటి సర్క్యూట్లలో MMFD అని కూడా ఉండేది. అంటే మైక్రోమైక్రోఫారడ్, ఇవాళ మనం పికోఫారడ్ అంటున్నదే. ఒక ప్రిఫిక్స్ మీద ఇంకొకటి ఎక్కించడం SI పద్ధతిలో కుదరదు కాబట్టి అది పోయింది. MFD మాత్రం అలవాటుగా ఉండిపోయింది.

µ కీబోర్డు మీద దొరకదు కాబట్టి దానికి బదులు చాలామంది u కొడతారు. uF అని కనిపిస్తే మైక్రోఫారడ్ అనే చదువుకోవాలి. సర్క్యూట్ బొమ్మల్లో చుక్క కూడా చెరిగిపోతుంటుంది. జిరాక్సులో బిందువు పోతే 4.7 కాస్తా 47 అవుతుంది. అందుకే చుక్క ఉండాల్సిన చోట అక్షరాన్నే పెట్టి 4K7 అనో, 2u2 అనో రాస్తారు. అక్షరం అంత సులువుగా చెరగదు మరి.

మందుల దగ్గర ఈ భయం ఇంకా ఎక్కువ. థైరాయిడ్ మాత్రల స్ట్రిప్పు చూడండి, 50 mcg అని ఉంటుంది. పద్ధతి ప్రకారమైతే µg అని ఉండాలి. కానీ చేతిరాతలో µ తోక చెదిరితే m లాగా కనిపిస్తుంది, మైక్రోగ్రాము మిల్లీగ్రామైపోతుంది, మోతాదు వెయ్యి రెట్లు పెరుగుతుంది. అందుకని µg రాయొద్దు, mcg రాయండి అని మందుల భద్రత గురించి పట్టించుకునేవాళ్ళు చెబుతారు. నిబంధన కన్నా ఇదే సరైనదని నా అభిప్రాయం. బి12 మాత్రల మీద 1500 mcg అని ఉండడం కూడా అలాంటిదే. ఇంజనీరు చేతికిస్తే 1.5 mg అని దిద్దుతాడు. అయితే అదే మందు 500, 1000 మైక్రోగ్రాముల్లో కూడా దొరుకుతుంది. అన్నీ ఒకే కొలతలో ఉంటేనే పోల్చుకోవడం సులువు. పట్టికలకీ ఇదే వర్తిస్తుంది. ఒకే నిలువు వరసలో 980 ఓమ్, 1.02 కిలో ఓమ్ కింద కింద పడితే తొందరలో చూసేవాళ్ళ కంటికి 980 పెద్దదిగా ఆనుతుంది. అలాంటిచోట ప్రిఫిక్స్‌ని వరస తలమీద ఒక్కసారే రాసి, అంకెలు 1ని దాటినా వెయ్యిని దాటినా వదిలేయడమే మేలు.

మీటరు తెరమీదో కంప్యూటర్లోనో ఈ మార్పు దానంతట అదే జరిగేలా ప్రోగ్రాం రాసేవాళ్ళు రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది సున్నాకి కింద. 0.047కి పదుల ఘాతం −2. దాన్ని మూడుతో భాగిస్తే −0.67 దాకా వస్తుంది. సి లాంటి భాషల్లో పూర్ణాంకాల భాగహారం భిన్నాన్ని కత్తిరించి సున్నా ఇస్తుంది, దాంతో సంఖ్య 0.047గానే ఉండిపోతుంది. సున్నా వైపు కాకుండా కిందికి దిగి −1 తీసుకుంటే 47 మిల్లీ వస్తుంది. పెద్ద సంఖ్యలతో మాత్రమే పరీక్షించి వదిలేస్తే ఈ తప్పు బయటపడదు.

రెండోది వెయ్యి గడప దగ్గర. 9,99,700 ఓమ్‌లని మూడంకెల్లో చూపించమన్నారు. ముందు ప్రిఫిక్స్ ఎంచుకుంటే అది 999.7 కిలో. తర్వాత మూడంకెలకి సవరిస్తే 1000 కిలో అని తెరమీద పడుతుంది. నియమం అక్కడే తప్పింది, 1.00 మెగా అని రావాలి. ముందు సవరించి తర్వాత ప్రిఫిక్స్ ఎంచుకుంటే ఈ చిక్కు రాదు. ఏదైనా తెరమీద 1000 k అని కనబడితే ఆ ప్రోగ్రాం ఈ రెండు పనుల్నీ తిరగేసి చేసిందని అర్థం.

సవరించడమంటే గుర్తొచ్చింది, ఈ రాతకి ఒక లోటు ఉంది. 120 ఓమ్ అని రాస్తే చివరి సున్నా కొలిచి రాసిందా, ఖాళీ నింపడానికి పెట్టిందా తెలియదు. రెండంకెల వరకే నమ్మకమైతే 0.12 కిలో ఓమ్ అని రాయాలి, అప్పుడు ఒకటికి తక్కువ ఉండకూడదన్న నియమం పోతుంది. నమ్మకం ఎంతో చెప్పడమే ముఖ్యమైనప్పుడు నియమాన్ని వదులుకోవడమే నయం.

చివరగా వైరు సంగతి. ఇళ్ళకి వేసే వైరుని ఎలక్ట్రీషియన్లు "వన్ పాయింట్ ఫైవ్ ఎస్.క్యూ. ఎం.ఎం." అంటారు. అంటే రాగి అడ్డుకోత వైశాల్యం 1.5 చదరపు మిల్లీమీటర్లు. దీన్నే చదరపు మీటర్లలో రాస్తే 0.0000015. ఇందాకటి కండెన్సర్ లాగే గుంపులు కట్టి 1.5 µm² అని రాసేస్తే వైరు కంటికి కనిపించనంత సన్నం అయిపోతుంది, ఎందుకంటే వర్గం ప్రిఫిక్స్‌తో కలిపి పడుతుంది. చదరపు మైక్రోమీటరంటే మైక్రోమీటరు పొడవు, మైక్రోమీటరు వెడల్పు ఉన్న ముక్క, అంటే చదరపు మీటరులో లక్ష కోట్ల వంతుల్లో ఒకటి. చదరపు మిల్లీమీటరు దానికన్నా పది లక్షల రెట్లు పెద్దది. కాబట్టి వైశాల్యాల దగ్గర మూడేసి కాదు, ఆరేసి అంకెలు దాటాలి. ఘనపరిమాణాల దగ్గర తొమ్మిదేసి.