నాసిరకం విత్తనం - నష్టపరిహారం: దావా ఏ కమిషన్ పరిధిలోకి వస్తుంది?

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతమైన దివిసీమలో వరి పైరు దెబ్బతిన్నప్పుడు కారణం ఏమిటన్నది తేల్చడం సులభం కాదు. కాలువ చివరి భూములకు నీరు ఆలస్యంగా చేరుతుంది. సముద్ర తీర గ్రామాలలో నేల ఉప్పుదేరుతుంది. తుపానులు సరేసరి. ఈ కారణాలన్నీ ఉండగా లోపం విత్తనంలోనే ఉన్నదని రైతు ఎలా నిరూపించగలడు? నిరూపించదలిస్తే ఎక్కడికి వెళ్లాలి? వేల రూపాయల విత్తనానికి లక్షల రూపాయల పంట నష్టపోయినప్పుడు, ఏ మొత్తాన్ని బట్టి కమిషన్ పరిధి నిర్ణయమవుతుంది?

రైతు కూడా వినియోగదారుడే

పంటను అమ్ముకొనే రైతు కొన్న విత్తనం వాణిజ్య ప్రయోజనానికి కొన్నదని, అందువల్ల ఆయన వినియోగదారుడు కాడని విత్తన సంస్థలు చాలాకాలం వాదించాయి. ఆంధ్రప్రదేశ్ రైతులకు, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కు మధ్య నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఈ వాదనను తోసిపుచ్చింది. విత్తన చట్టం - 1966 ఉన్నంత మాత్రాన వినియోగదారుల చట్టం కింద రైతుకున్న హక్కు పోదని స్పష్టం చేసింది.

ఆ తీర్పులో రైతులకు అత్యంత ఉపయోగకరమైన అంశం మరొకటి ఉన్నది. లోపం పైకి కనిపించని వస్తువు నమూనాను ప్రయోగశాలకు పంపి పరీక్షించాలని చట్టం చెబుతున్నది. అయితే కొన్న విత్తనమంతా నారుమడిలో చల్లిన రైతు వద్ద నమూనా మిగలదు. పరీక్ష కోసం కొంత విత్తనం దాచి ఉంచాలని రైతు నుండి ఆశించలేమని న్యాయస్థానం పేర్కొన్నది. విత్తన నిబంధనల ప్రకారం విక్రేత ప్రతి లాటు వివరాలను మూడేళ్లపాటు భద్రపరచాలి. నమూనాను ఆ లాటు పూర్తిగా అమ్ముడైన తరువాత ఏడాది వరకు ఉంచాలి. కనుక తమ విత్తనం మంచిదని చెప్పే సంస్థ తానే ఆ లాటు నమూనాను పరీక్షకు పంపవలసిందిగా కోరవచ్చు.

ఇందుకొక పరిమితి ఉన్నది. పంట పోయిన ప్రతి సందర్భంలోనూ విత్తనమే కారణమని కమిషన్ భావించదు. ప్రయోగశాల నివేదిక లేనప్పుడు పొలంలోని సాక్ష్యమే కీలకమవుతుంది.

ఒక ఉదాహరణ

అవనిగడ్డ ప్రాంతానికి చెందిన ఒక రైతు గుడివాడలోని దుకాణంలో బి.పి.టి. 5204 రకం వరి విత్తనం 25 కిలోల బస్తాలు ఐదు, బస్తా రూ.1,200 చొప్పున రూ.6,000కు కొని ఐదు ఎకరాలలో నాటాడనుకుందాం. పైరు ఏపుగా పెరిగింది. అయితే సుమారు నాలుగో వంతు దుబ్బులు మిగిలినవాటికంటే రెండు వారాల ముందే ఈనాయి. కోతకు వచ్చేసరికి ముందు ఈనిన వెన్నుల గింజ రాలిపోయింది. మిగిలిన చేను ఇంకా పచ్చిగా ఉన్నది. ఎకరానికి 75 కిలోల బస్తాలు పది చొప్పున యాభై బస్తాల దిగుబడి తగ్గింది. బస్తా రూ.1,700 చొప్పున నష్టం రూ.85,000.

ఇది బెరుకు విత్తనానికి గుర్తు. ఉప్పునీటి వల్ల గాని, నీటి ఎద్దడి వల్ల గాని నష్టం కలిగితే మడిలో ఒక ప్రాంతమంతా, లేదా కాలువకు దూరంగా ఉన్న భాగమంతా దెబ్బతింటుంది. బెరుకు విత్తనమైతే వేరే రకం దుబ్బులు చేనంతటా చెదురుమదురుగా కనిపిస్తాయి. అదే కాలువ కింద అదే లాటు విత్తనం వేసిన మరొక రైతు పొలంలోనూ ఇదే పరిస్థితి ఉండి, వేరే లాటు వేసిన పక్క పొలం బాగుంటే సాక్ష్యం మరింత బలపడుతుంది.

ఈ తేడాలు పైరు నిలిచి ఉన్నప్పుడే కనిపిస్తాయి. కోత పూర్తయిన తరువాత మిగిలేది రైతు మాట మాత్రమే. కావున ఈత దశలోనే మండల వ్యవసాయాధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, పొలం పరిశీలన జరిపించి, నివేదిక ప్రతి తీసుకోవాలి. పరిశీలన తేదీని దుకాణదారుకు, విత్తన సంస్థకు ముందుగా తెలియజేస్తే తమ పరోక్షంలో జరిగిందని వారు ఆక్షేపించడానికి వీలుండదు. నివేదికలో 'దిగుబడి తగ్గినది' అని మాత్రమే ఉంటే చాలదు. వేరే రకం మొక్కలు ఎంత శాతం ఉన్నవి, అందుకు కారణమేమిటి అన్నది ఉండాలి. లాటు నంబరు రాసిన బిల్లు, బస్తాకు కుట్టిన చీటీ, ఖాళీ సంచి పంట చేతికి వచ్చేవరకు భద్రపరచాలి.

కమిషన్ పరిధి - చెల్లించిన ధరే కొలమానం

1986 నాటి చట్టంలో వస్తువు విలువను, కోరిన పరిహారాన్ని కలిపి లెక్కించేవారు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం - 2019 ఈ పద్ధతిని మార్చింది. ఇప్పుడు వస్తువుకు గాని, సేవకు గాని చెల్లించిన ప్రతిఫలమే కొలమానం. 2021 డిసెంబరు 30 నాటి నిబంధనల ప్రకారం ఆ మొత్తం రూ.50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్, అంతకు మించి రూ.2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్ విచారిస్తాయి.

ఈ విధానం చెల్లదని సుప్రీంకోర్టులో సవాలు చేసిన ఒక కేసులో దాదాపు రూ.31 లక్షలకు కొన్న కారుకు సంబంధించి రూ.50 కోట్లకు పైగా పరిహారం కోరారు. చెల్లించిన ప్రతిఫలాన్ని కొలమానంగా తీసుకోవడం రాజ్యాంగబద్ధమేనని 2025 ఏప్రిల్‌లో న్యాయస్థానం తీర్పు చెప్పింది.

పై ఉదాహరణలో రైతు విత్తనం ధర రూ.6,000, పంట నష్టం రూ.85,000, ఖర్చులు, మనోవేదన కింద రూ.25,000, మొత్తం రూ.1,16,000 కోరవచ్చు. అయినా పరిధికి లెక్కలోకి వచ్చేది రూ.6,000 మాత్రమే. దావా జిల్లా కమిషన్‌దే. ప్రతిఫలం రూ.5 లక్షల లోపు గనుక రుసుము ఉండదు. విత్తన సంస్థ కార్యాలయం హైదరాబాదులో ఉన్నా ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చు కాబట్టి మచిలీపట్నంలోని కృష్ణా జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. దుకాణదారును, విత్తన సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి.

సేవలో లోపం

అదే రైతు పంట రుణం నుండి బీమా ప్రీమియం మినహాయించుకొని, బ్యాంకు ఆయన పేరును బీమా సంస్థకు పంపకపోతే అది వస్తువులోని లోపం కాదు, సేవలో లోపం. ఇక్కడ ప్రయోగశాల పరీక్షతో పని లేదు. ప్రీమియం మినహాయించినట్లు చూపే ఖాతా వివరాలే ప్రధాన సాక్ష్యం.

గడువు

వివాద కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి అనుమతి కోరాలి. కమిషన్ నోటీసు అందిన ప్రతివాది 30 రోజులలో జవాబివ్వాలి. దానిని మరో 15 రోజులకు మించి పొడిగించడానికి వీలు లేదు. జిల్లా కమిషన్ ఉత్తర్వుపై 45 రోజులలోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. పరిహారం చెల్లించవలసిన పక్షం అప్పీలుకు వెళ్లాలంటే ముందుగా అందులో సగం మొత్తాన్ని జమ చేయాలి.