రూములు లేవన్నాక చెప్పాల్సిన మాట

డిసెంబరు చివరి వారంలో విశాఖపట్నం బీచ్ రోడ్డు హోటళ్లు కిటకిటలాడుతుంటాయి. అరకు చూడవచ్చినవాళ్లు, పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు, పిల్లల సెలవులకు సముద్రం దగ్గర నాలుగు రోజులు గడపాలనుకునేవాళ్లు అందరూ ఒకేసారి దిగుతారు. సరిగ్గా అప్పుడే, పొద్దున తొమ్మిది పది గంటల మధ్య, ఈరోజు ఖాళీ చేయాల్సిన అతిథి ఒకరు రిసెప్షన్ దగ్గరకు వచ్చి "ఇంకో రెండు రోజులు ఉంటామండీ, రూము పొడిగించండి" అంటారు. రూములు లేవు. ఆ సంగతి చెప్పడం ఎంతసేపు! అతిథి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్నకు కూడా ఆ కౌంటరు దగ్గరే జవాబు దొరికినప్పుడే రిసెప్షనిస్టు పని పూర్తయినట్టు.

ఒక ఉదాహరణ అనుకుందాం. అరవై రూముల హోటల్. వరంగల్ నుంచి వచ్చిన దంపతులు, వాళ్లతో డెబ్బై దాటిన తండ్రి. శుక్రవారం సాయంత్రం రైలుకు వెళ్లాలి. గురువారం రాత్రి పెద్దాయనకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ప్రయాణం వద్దని డాక్టరు చెప్పాడు. టికెట్టు ఆదివారానికి మార్చుకుని, కొడుకు కిందికి వచ్చాడు.

"మేం ఆల్రెడీ రూములోనే ఉన్నాం కదమ్మా, కొత్తగా వచ్చేవాళ్లకు లేదని చెప్పొచ్చుగా?" అన్నాడు. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, అడగడంలో తప్పు లేదు. కానీ దిగిన రోజు సంతకం పెట్టిన రిజిస్ట్రేషన్ కార్డు మీద వెళ్లే తేదీ ఉంటుంది. రూము మీద మనకున్న హక్కు ఆ తేదీ వరకే. సాయంత్రం రావలసిన మనిషి చేతిలో ఈ తేదీకి ఖాయమైన బుకింగు ఉంది. ఆయన కూడా ముసలి తల్లిని వెంటబెట్టుకుని వస్తుండొచ్చు. అందుకే మంచి హోటల్ ఆయన్ని వదులుకోదు. కొన్నిచోట్ల తాళం కార్డులో కూడా ఖాళీ చేసే వేళే నమోదై ఉంటుంది. పన్నెండు దాటితే తలుపు తెరుచుకోదు. పొడిగింపు మాట తేలకుండానే టిఫినుకు వెళ్లి, తిరిగొచ్చి తలుపు ముందు నిలబడిపోయేవాళ్లు అందుకే కనిపిస్తుంటారు.

ఇక లెక్క చూద్దాం. అరవై రూముల్లో ఒకదానిలో బాత్రూము లీకై మరమ్మతులో ఉంది, మిగిలింది 59. గురువారం రాత్రి అవన్నీ నిండాయి. శుక్రవారం 22 రూములు ఖాళీ కావాలి, 37 రూముల వాళ్లు ఉంటారు. సాయంత్రానికి రావలసిన బుకింగులు 24. ముప్పై ఏడూ ఇరవై నాలుగూ కలిపితే 61. అంటే మన వరంగల్ కుటుంబం వెళ్లిపోయినా హోటల్‌కు ఇంకా రెండు రూములు తక్కువే. ఇది పొరపాటున జరిగింది కాదు. బుక్ చేసుకున్నవాళ్లలో కొందరు రారని అనుభవం మీద తెలుసు కాబట్టి, హోటళ్లు కావాలనే ఒకటి రెండు ఎక్కువ తీసుకుంటాయి.

ఆ 24లో పదిహేను ఒక పెళ్లివారివి, అయిదు ముందే డబ్బు కట్టినవి. ఈ ఇరవైనీ కదపలేం. మిగిలిన నాలుగూ అడ్వాన్సు లేనివి, సాయంత్రం ఆరు వరకు మాత్రమే ఆపి ఉంచేవి. ఆశంతా వాటి మీదే. బద్ధకస్తుడైన రిసెప్షనిస్టు ఆరు దాకా ఎదురుచూస్తాడు. పని తెలిసినవాళ్లు పదింటికే ఆ నలుగురికీ ఫోన్లు చేస్తారు. మన ఉదాహరణలో ఇద్దరు రావడం లేదన్నారు, ఒకరు దారిలో ఉన్నామన్నారు, సూట్ రూము బుక్ చేసుకున్న నాలుగో ఆయన ఫోనెత్తలేదు. మానుకున్న ఇద్దరి వల్ల 61 కాస్తా 59 అయింది. లెక్క సరిపోయింది, మన కుటుంబానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది. శుక్రవారం నిండిపోయిందని కంప్యూటర్లో కనబడగానే రెండు రాత్రులకూ కలిపి లేదనేస్తారు. ఒక్కో రాత్రినీ విడిగా చూడాలి. శనివారం ఉదయం కొందరు వెళ్లిపోతున్నారు, ఆ రాత్రికి రెండు రూములు మిగులుతున్నాయి. అంటే ఈ కుటుంబానికి కరువైంది ఒక్క రాత్రే. సమస్య సగానికి సగం తగ్గింది.

దానికంటే పెద్ద తప్పు "చూద్దాం సార్" అనడం. మర్యాదగానే వినిపించే ఈ మాటంత హాని నాకు తెలిసి ఆ కౌంటరు దగ్గర మరేదీ చేయదు. పదింటికి "లేదండీ" అని తేల్చి చెబితే అతిథికి పక్క హోటల్లో రూము దొరుకుతుంది. "చూద్దాం" విని సాయంత్రం దాకా కూర్చున్నవాడికి ఊళ్లో ఉన్న ఖాళీలు కూడా అయిపోతాయి, ఉన్న ఒకటీ అరా రేట్లు పెరిగిపోతాయి. లేదని తొందరగా చెప్పడమే ఇక్కడ దయ.

అయితే లేదని చెప్పేముందు ఒక్క ప్రశ్న అడగాలి: "ఎందుకు ఉండాల్సి వచ్చింది సార్?" ఆరా తీస్తున్నట్టు కాకుండా, సాయం చేసే మనిషిలా అడగాలి. ప్రత్యామ్నాయం ఏదో తేలేది ఆ జవాబును బట్టే. రైలు ఆలస్యమై అర్ధరాత్రికి వెళ్లేవాళ్లకు పూర్తి రాత్రి రూము అక్కర్లేదు. సామాను కౌంటరు దగ్గర పెట్టుకుని, సాయంత్రం స్నానానికి చోటిస్తే చాలు. లేదంటే ఖాయమైన టికెట్టు ఉన్నవాళ్లకు స్టేషన్లో రిటైరింగ్ రూములున్నాయి, పీఎన్ఆర్ నంబరు మీద ఇస్తారు. ఇంకా ఊరు చూడాలన్న సరదాతో ఆగినవాళ్లను అయితే ఆ ఒక్క రాత్రికి అరకు వెళ్లి రమ్మనవచ్చు. రోడ్డు మీద మూడు నాలుగు గంటల ప్రయాణం. అక్కడ కూడా ఇది రద్దీ కాలమే కాబట్టి రూము ఖాయమయ్యాకే బయలుదేరమనాలి. జ్వరంతో ఉన్న పెద్దాయనకు ఇవేవీ పనికిరావు. ఆయనకు కావలసింది దగ్గర్లో, లిఫ్టు ఉన్నచోట, వెంటనే పడుకోగలిగే మంచం.

మరి ఆ సూట్? సాయంత్రం ఆరింటికి ఖాళీ కావచ్చు, కాకపోవచ్చు. జ్వరం మనిషిని అంతవరకు లాబీలో కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఒకవేళ దొరికినా, పన్ను సంగతి ముందే చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న రూముకు జీఎస్టీ 5 శాతం. అది దాటితే మొత్తం మీద 18 శాతం. వీళ్ల రూము 4,200, పన్నుతో 4,410. సూట్ 7,800 అనుకుంటే పన్నుతో కలిపి 9,204 అవుతుంది. అదే హోటల్ మూడు వందలు తగ్గించి 7,500కు ఇస్తే అతిథి కట్టేది 7,875. హోటల్ వదులుకునేది మూడు వందలు, అతిథికి మిగిలేది 1,329. ఖాళీగా ఉండిపోయే సూట్‌ను ఇలా ఇవ్వడం ఎవరికీ నష్టం కాదు. అయినా ఈ సర్దుబాటు అడిగేవాళ్లు గానీ, తామే ముందుగా చెప్పేవాళ్లు గానీ తక్కువ.

ఈ లెక్కలూ ఫోన్లూ అన్నీ అరగంట పని. ఆ తర్వాత ఇచ్చే జవాబు నోటితో చెప్పి వదిలేయకుండా, ఫోనుకు మెసేజిగా కూడా పంపాలి. ఆందోళనలో ఉన్నవాళ్లకు సగం మాటలు చెవికెక్కవు. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం సార్. ఈ రాత్రికి మా హోటల్లో రూము ఇవ్వలేకపోతున్నాం, అన్నింటికీ ముందే బుకింగులు ఉన్నాయి. రేపు శనివారం రాత్రికి మీ పేరున మొదటి అంతస్తులో, లిఫ్టు పక్కన రూము పెట్టాం, ఇప్పటి రేటుకే. ఈ రాత్రికి రెండు వీధుల అవతల ఉన్న హోటల్లో మీ ముగ్గురికీ, మూడో మంచంతో సహా, ఒక రూము ఆపించాం. రేటు 4,600, పన్నుతో 4,830, టిఫిను కలిపే. లిఫ్టు, వెస్టర్న్ కమోడ్ ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆపుతామన్నారు. మీరు పన్నెండున్నరలోగా సరేనంటే ఖాయం చేస్తాం. ఇప్పుడున్న రూములో రెండింటి వరకు ఉండవచ్చు, అదనంగా ఏమీ తీసుకోం. తాళం కార్డు మార్చి ఇస్తాం. నాన్నగారిని మా కారులో దింపుతాం. పెద్ద సామాను మా దగ్గర ఉంచి వెళ్లవచ్చు."

ఇందులో మొదటి వాక్యమే లేదని చెప్పింది. క్షమాపణలతో నాలుగు వాక్యాలు నింపి, అసలు విషయం చివర్లో పెట్టలేదు. ఇంకో సంగతి, పక్క హోటల్ ఫోన్ నంబరు ఇచ్చి "కనుక్కోండి" అనలేదు. రద్దీ రోజుల్లో అలా నంబరిస్తే అది సాయం కాదు, పని మన మీదకు నెట్టడమే. ఏ రూము, ఎంతకు, ఎప్పటిదాకా ఆపుతారు అన్న మూడూ తెలిస్తేనే అది ప్రత్యామ్నాయం. రెండింటి వరకు ఉండనివ్వడం కూడా ఊరికే ఇచ్చిన మాట కాదు. సాయంత్రం దిగే పెళ్లివారికి ఆ రూము కేటాయిస్తే, శుభ్రం చేసుకోవడానికి హౌస్‌కీపింగ్ వాళ్లకు కావలసినంత వ్యవధి ఉంటుంది. ఆ మాట వాళ్లతో ముందే అనుకుని ఉండాలి. లేకపోతే పన్నెండింటికల్లా తలుపు తట్టి, చెప్పిన మంచి మాటంతా పాడు చేస్తారు.

పక్క హోటల్ ఖర్చు ఎవరిదన్న దానిమీద గొడవలవుతుంటాయి. పొడిగింపు కోరింది అతిథి కాబట్టి, ఆ రాత్రి డబ్బు అతిథే కట్టుకోవాలి. ఖాయమైన బుకింగుతో వచ్చినవాడికి హోటల్ రూము ఇవ్వలేకపోతే మాత్రం కథ వేరు. అప్పుడు వేరేచోట రూము చూపించి, ఆ రాత్రి ఖర్చూ ప్రయాణం ఖర్చూ భరించడం మంచి హోటళ్ల ఆనవాయితీ. ఇందుకే ఒక చిక్కు కూడా వస్తుంది. కౌంటరులో లేదన్నాక అతిథి ఫోన్లో యాప్ తెరిస్తే, అదే హోటల్లో ఒక రూము ఖాళీ అని కనబడుతుంది. యాప్‌లకు కేటాయించిన రూములను హోటల్ వేళకు మూసేయకపోతే ఇలా జరుగుతుంది. తొందరపడి డబ్బు కట్టేముందు ఆ తెర రిసెప్షనిస్టుకు చూపించండి. నిజంగా రూము ఉంటే అక్కడే ఇస్తారు. లేకపోతే వెంటనే యాప్‌లో మూయిస్తారు. అలా కాకుండా కట్టేస్తే, రాత్రికి రూమూ లేక, రిఫండు కోసం రోజుల తరబడి తిరగాల్సి రావచ్చు.

చివరిగా, శనివారం తిరిగొచ్చే రూము పాత బుకింగుకు కొనసాగింపు కాదని గుర్తుంచుకోవాలి. శుక్రవారం బిల్లు మూసేసి, శనివారానికి కొత్త బుకింగు నంబరు తీసుకుని, కొంత అడ్వాన్సు కట్టాలి. లేదంటే అది కూడా ఆరింటిదాకా ఆపే రూముల జాబితాలోకే పోతుంది. ఉంచి వెళ్లే పెట్టెలకు రసీదు తీసుకోవాలి. మందులు, డాక్టరు చీటీ, అందరి అసలు గుర్తింపు కార్డులు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. ఒక్క రాత్రికే అయినా రెండో హోటల్లో మళ్లీ రిజిస్ట్రేషన్ కార్డు నింపాలి, కార్డులు మళ్లీ చూపించాలి.